దూదిలోంచి దూరిన గ్యాస్

ఒక గొట్టం, దాని మధ్యలో గట్టిగా కూరిన దూది. ఒకవైపు నుంచి ఎక్కువ పీడనంతో గాలిని నెడుతుంటే, అది దూది సందుల్లోంచి మెల్లగా దారి చేసుకుని అవతలి వైపు తక్కువ పీడనంలోకి వస్తుంది. బయటి వేడి లోపలికి రాకుండా, లోపలి వేడి బయటికి పోకుండా గొట్టాన్ని జాగ్రత్తగా కాపాడారు. దూదికి ముందు ఉష్ణోగ్రత ఎంత, దాటాక ఎంత అన్నది థర్మామీటర్లతో చూస్తారు. అంతే ప్రయోగం. 1850లలో ఇంగ్లండ్‌లో జేమ్స్ జౌల్, విలియం థామ్సన్ ఇలా ఒక్కో వాయువునీ పంపి చూశారు. గాలి కొద్దిగా చల్లబడింది. కార్బన్ డయాక్సైడ్ అంతకు నాలుగైదు రెట్లు చల్లబడింది. హైడ్రోజన్ మాత్రం చల్లబడలేదు సరికదా, కాస్త వేడెక్కింది.

థామ్సన్ అంటే తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా మనం పాఠాల్లో చదువుకున్న ఆయనే. ఈ ప్రయోగానికి పోరస్ ప్లగ్ ప్రయోగమనీ, అందులో కనిపించిన ఉష్ణోగ్రత మార్పుకి జౌల్-థామ్సన్ ఎఫెక్ట్ అనీ పేరు. డిగ్రీ విద్యార్థులు ఒక సూత్రం బట్టీపట్టి దీన్ని దాటేస్తారు. కానీ ఒకే దూదిలోంచి వెళ్ళిన వాయువుల్లో ఒకటి చల్లబడి ఇంకొకటి ఎందుకు వేడెక్కాలి? ఆ సంగతి తేలాక గానీ హైడ్రోజన్‌ని ద్రవంగా మార్చడం ఎవరికీ చేతకాలేదు.

అసలు దూది ఎందుకు? జౌల్ అంతకుముందు, 1845లో, ఇంకో రకంగా ప్రయత్నించాడు. రెండు రాగి పాత్రలు తీసుకుని ఒకదాంట్లో 22 అట్మాస్ఫియర్ల పీడనంతో గాలి నింపి, రెండోదాన్ని ఖాళీ చేసి, రెంటినీ నీళ్ళలో ముంచాడు. మధ్యనున్న కుళాయి తిప్పితే గాలి ఖాళీ పాత్రలోకి పరుచుకుంది. నీళ్ళ ఉష్ణోగ్రత మారిందా అని చూస్తే ఏమీ కనబడలేదు. గాలి నిజంగా కొద్దిగా చల్లబడే ఉండాలి. కానీ పాత్రల్లో ఉన్న గాలి బరువెంత, ఆ రాగి బరువూ నీళ్ళ బరువూ ఎంత? గాలిలో వచ్చిన కాస్త మార్పుని అంత లోహం, అన్ని నీళ్ళు మింగేశాయి. థర్మామీటరుకి ఏమీ మిగల్లేదు.

థామ్సన్ చెప్పిన ఉపాయం సులువైనది. గాలిని ఒక్కసారి వదిలి ఊరుకోకుండా, ఆగకుండా ప్రవహింపజేయాలి. మొదట కాసేపు గొట్టమూ దూదీ వేడిని లాక్కోవడమో ఇవ్వడమో చేస్తాయి. కొంతసేపటికి అవి తమ ఉష్ణోగ్రతలో స్థిరపడతాయి. ఆ తర్వాత వచ్చే గాలి నుంచి అవి తీసుకునేదేమీ ఉండదు, థర్మామీటరు చూపించేది అచ్చంగా గాలి సంగతే. దూదికి బదులు చిన్న రంధ్రం పెట్టినా పీడనం పడిపోతుంది గానీ, రంధ్రంలోంచి గాలి ధారగా దూసుకొస్తుంది. ఆ ధారలో థర్మామీటరు ఒకచోట పెడితే ఒక అంకె, జానెడు దూరంలో పెడితే ఇంకో అంకె. ఎందుకంటే వేగంగా పోతున్న వాయువు తన వేడిలో కొంత వేగంగా మార్చుకుని ఉంటుంది. సుళ్ళు తిరిగి నెమ్మదించాక ఆ వేడి తిరిగొస్తుంది. దూదిలో అలాంటి ధార పుట్టే వీలు లేదు. వేలాది సన్నని సందుల్లో రాపిడికి వేగం ఎక్కడికక్కడ అణిగిపోతుంది. అవతలికి వచ్చేటప్పుడు వాయువు నెమ్మదిగా, ఒకే తీరుగా వస్తుంది.

చెప్పినంత తేలిగ్గా ఏమీ జరగలేదు. గాలిని నొక్కే పంపుని ఆవిరి యంత్రంతో తిప్పారు. పంపు నొక్కగానే గాలి వేడెక్కుతుంది కాబట్టి, దూది దగ్గరికి వచ్చేలోపు దాన్ని నీళ్ళలో ముంచిన పొడవైన రాగి చుట్టల గుండా పంపి ఒకే ఉష్ణోగ్రతకి తేవాలి. పంపు కొట్టే ప్రతి దెబ్బకీ పీడనం కొంచెం ఊగుతుంది. తొట్టిలో నీళ్ళు డిగ్రీలో చిన్న భాగం మారినా ఫలితం చెడుతుంది, ఎందుకంటే వెతుకుతున్న మార్పు కూడా అంత చిన్నదే. గాలికి ఒక్కో అట్మాస్ఫియర్ పీడనం తగ్గితే పడేది సుమారు పావు డిగ్రీ. ఇద్దరూ ఈ పనిని దాదాపు పదేళ్ళు, 1852 నుంచి 1862 దాకా, విడతలు విడతలుగా సాగించారు.

ఇక అసలు ప్రశ్న. దూదిలోంచి వెళ్ళేటప్పుడు వాయువుకి బయటి నుంచి వేడి అందలేదు, బయటికీ పోలేదు. అయినా శక్తి లెక్క అక్కడితో పూర్తి కాదు. వెనకనున్న గాలి ముందున్న గాలిని దూదిలోకి నెడుతుంది, అంటే దానిమీద పని చేస్తోంది. దూది దాటిన గాలి మళ్ళీ తన ముందున్న గాలిని నెట్టుకుంటూ చోటు చేసుకోవాలి, అంటే అది పని చేస్తోంది. మొదటిది రాబడి, రెండోది ఖర్చు. రాబడి ఎంతంటే, దూదికి ముందున్న పీడనాన్ని అక్కడి ఘనపరిమాణంతో హెచ్చవేసినంత. ఖర్చు ఎంతంటే, దూది దాటాక ఉన్న పీడనాన్ని అక్కడి ఘనపరిమాణంతో హెచ్చవేసినంత. ఈ రెంటికీ తేడా ఉంటే అది వాయువు లోపలి శక్తిలోనే కలవాలి, లేదా అందులోంచే పోవాలి. లోపలి శక్తీ, పీడనాన్నీ ఘనపరిమాణాన్నీ హెచ్చవేసిన ఈ అంకే కలిపితే వచ్చే మొత్తాన్ని ఎంథాల్పీ అంటారు. దూదికి ముందూ తర్వాతా మారకుండా ఉండేది ఆ మొత్తం మాత్రమే.

పుస్తకాల్లోని ఆదర్శ వాయువైతే ఏమీ జరగదు. ఉష్ణోగ్రత మారనంత వరకూ దాని పీడనం, ఘనపరిమాణాల లబ్ధం మారదు, కాబట్టి రాబడీ ఖర్చూ సమానం. దాని అణువులకి ఒకదాని పొడ ఒకదానికి పట్టదు, కాబట్టి దూరం జరిగినా లోపలి శక్తిలో మార్పు లేదు. ముందెంత వేడి ఉందో తర్వాతా అంతే. నిజమైన వాయువులో మాత్రం అణువులకి రెండు గుణాలున్నాయి. ఒకటి, అవి ఒకదాన్నొకటి కొద్దిగా ఆకర్షిస్తాయి. రెండు, ప్రతి అణువూ కొంత చోటు ఆక్రమిస్తుంది, ఆ చోట్లోకి ఇంకోదాన్ని రానివ్వదు. డచ్ శాస్త్రవేత్త వాన్ డెర్ వాల్స్ 1873లో ఈ రెండు గుణాలకీ రెండు అంకెలు కేటాయించి వాయువుల సమీకరణాన్ని సవరించాడు. ఆకర్షణకి a, ఆక్రమించే చోటుకి b. మన లెక్కకి ఆ రెండూ చాలు.

ఆకర్షణ చల్లబరుస్తుంది, అదీ రెండు దారుల్లో. పీడనం తగ్గితే అణువులు దూరదూరంగా జరుగుతాయి. ఒకదాన్నొకటి లాక్కుంటున్నవి విడిపోవాలంటే శక్తి కావాలి. పైకి విసిరిన రాయి ఎగిరేకొద్దీ వేగం పోగొట్టుకున్నట్టే, దూరం జరిగే అణువులూ తమ వేగంలో కొంత వదులుకుంటాయి. అణువుల వేగం తగ్గడమంటే వాయువు చల్లబడడమే. ఇది మొదటి దారి. ఇక రెండోది. దట్టంగా ఉన్నప్పుడు ఆకర్షణ వల్ల వాయువు ఉండాల్సిన దానికన్నా కాస్త ముడుచుకుని ఉంటుంది. అంటే నెట్టేటప్పుడు వచ్చిన రాబడి తక్కువ. పలచబడ్డాక ఆ ముడుచుకోవడం ఉండదు, కాబట్టి చోటు చేసుకోవడానికి అయ్యే ఖర్చు ఎక్కువ. ఆ లోటు కూడా వాయువు వేడిలోంచే పూడాలి. లెక్కకడితే ఈ రెండు దారుల్లో పోయేది సరిగ్గా సమానమని తేలుతుంది. అందుకే జౌల్-థామ్సన్ సూత్రంలో a పక్కన 2 కనబడుతుంది.

అణువులు ఆక్రమించే చోటు దీనికి ఎదురు పనిచేస్తుంది. దట్టంగా నొక్కినప్పుడు అణువులు ఇంతకన్నా దగ్గరికి రామని అడ్డుపడతాయి కాబట్టి, వాయువు ఆదర్శ వాయువు కన్నా ఎక్కువ ఘనపరిమాణం తీసుకుంటుంది. నెట్టిన గాలి చేసిన పని ఎక్కువ, తర్వాత ఇది చేసే పని తక్కువ. రాబడి మిగిలింది. ఆ మిగులు వేడిగా మారుతుంది.

ఇప్పుడు నిజమైన అంకెలతో చూద్దాం. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక మోల్ నైట్రోజన్, అంటే 28 గ్రాములు, 100 అట్మాస్ఫియర్ల పీడనం కోల్పోతూ దూది దాటిందనుకుందాం. వాన్ డెర్ వాల్స్ అంకెల ప్రకారం ఆకర్షణ పద్దు కింద దానికి సుమారు 1,110 జౌళ్ళ నష్టం. చోటు పద్దు కింద సుమారు 390 జౌళ్ళ లాభం. తేడా 720 జౌళ్ళు, నష్టం వైపే. 28 గ్రాముల నైట్రోజన్ ఒక డిగ్రీ చల్లబడితే 29 జౌళ్ళు పోతాయి, కాబట్టి అది సుమారు 25 డిగ్రీలు చల్లబడాలి. ప్రయోగంలో ఇంతకన్నా తక్కువే, 20 డిగ్రీల దరిదాపుల్లో వస్తుంది. ఇంత ముతక లెక్కకి అది మంచి ఫలితమే.

అదే చోట ఒక మోల్ హైడ్రోజన్ పెట్టండి, 2 గ్రాములు. హైడ్రోజన్ అణువుల మధ్య ఆకర్షణ చాలా బలహీనం, దాని a విలువ నైట్రోజన్‌లో అయిదో వంతుకన్నా తక్కువ. ఆకర్షణ నష్టం 200 జౌళ్ళే. కానీ అణువు చిన్నదైనంత మాత్రాన అది ఆక్రమించే చోటు అంతగా తగ్గలేదు, ఆ పద్దు కింద 270 జౌళ్ళ లాభం. 70 జౌళ్ళు మిగిలాయి. హైడ్రోజన్ రెండున్నర డిగ్రీలు వేడెక్కుతుంది. జౌల్, థామ్సన్‌లు చూసిన వింత ఇదే. హైడ్రోజన్‌ది వేరే స్వభావమేమీ కాదు. దానికీ అవే రెండు పద్దులు, కాకపోతే ఏది పెద్దదో మారింది.

ఉష్ణోగ్రత వచ్చి కలిసేది ఇక్కడే. చోటు పద్దుకి ఉష్ణోగ్రతతో పని లేదు. 100 అట్మాస్ఫియర్లు తగ్గితే ఆ 270 జౌళ్ళూ వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా అంతే. ఆకర్షణ పద్దు అలా కాదు. ఒకే పీడనం దగ్గర చల్లని వాయువు దట్టంగా ఉంటుంది, వేడి వాయువు పలచగా ఉంటుంది. దట్టంగా ఉన్నదానికి విడిపోవడంలో పోయేది ఎక్కువ. పరమ ఉష్ణోగ్రత, అంటే మైనస్ 273 దగ్గర సున్నాగా పెట్టుకుని కెల్విన్‌లలో కొలిచేది, సగానికి తగ్గితే ఆకర్షణ నష్టం రెట్టింపవుతుంది. కాబట్టి హైడ్రోజన్‌ని చల్లబరుస్తూ పోతే 200 జౌళ్ళు కాస్తా పెరిగి పెరిగి ఒకచోట 270ని అందుకుంటాయి. అక్కడ లాభమూ లేదు, నష్టమూ లేదు. దూది దాటినా ఉష్ణోగ్రత మారదు. అదే ఇన్వర్షన్ టెంపరేచర్, విలోమ ఉష్ణోగ్రత. అంతకన్నా చల్లగా ఉన్న హైడ్రోజన్‌ని దూదిలోకి పంపితే అది బుద్ధిగా గాలిలాగే చల్లబడుతుంది.

వాన్ డెర్ వాల్స్ లెక్క ప్రకారం హైడ్రోజన్‌కి ఆ ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల దగ్గర రావాలి. కొలిస్తే సుమారు మైనస్ 70 అని తేలింది. నైట్రోజన్ విషయంలో లెక్క ఇంకా తప్పుతుంది. కాగితం మీద 580 డిగ్రీలు వస్తే కొలతలో వచ్చేది సుమారు 350. సమీకరణం ముతకది, దాన్నుంచి అంకెలు కాదు, పోకడ మాత్రమే ఆశించాలి. ఆ పోకడ మాత్రం సరైనదే. అణువుల ఆకర్షణ గట్టిగా ఉన్న వాయువుకి విలోమ ఉష్ణోగ్రత ఎక్కడో పైన ఉంటుంది, కాబట్టి మన గదిలో అది చల్లబడేదిగానే కనిపిస్తుంది. ఆకర్షణ అతి తక్కువగా ఉన్న హీలియంకి అది మైనస్ 230 ప్రాంతంలో ఉంటుంది. నైట్రోజన్‌ని 400 డిగ్రీలకి కాచి దూదిలోకి పంపితే అదీ హైడ్రోజన్‌లాగే వేడెక్కుతుంది.

ఒక మెలిక చెప్పకుండా వదిలేస్తే తప్పు అవుతుంది. పైన చెప్పిన అంకెలన్నీ పీడనం మరీ ఎక్కువ కానప్పటివి. వాయువుని విపరీతంగా నొక్కితే అణువులు ఒకదాన్నొకటి తోసుకునే స్థితికి వస్తాయి. అప్పుడు చోటు పద్దు లెక్కకి మించి పెరుగుతుంది. నైట్రోజన్‌ని 400 అట్మాస్ఫియర్లు దాటి నొక్కి ఉంచితే, అక్కడి నుంచి కొద్దిగా పీడనం తగ్గించినప్పుడు ఏ ఉష్ణోగ్రత దగ్గరా అది చల్లబడదు. కాబట్టి విలోమ ఉష్ణోగ్రత అనేది నిజానికి పీడనంతో పాటు మారే ఒక వంపు గీత. పుస్తకాలు ఇచ్చే ఒక్క అంకె ఆ గీతకి పైకొస, పీడనం సున్నాకి దగ్గరైనప్పటిది.

గాలి చల్లబడేది అట్మాస్ఫియరుకి పావు డిగ్రీయే. 200 అట్మాస్ఫియర్లు వదిలినా ఒక్క దఫాలో 50 డిగ్రీలకి మించి పడదు. గాలి ద్రవంగా మారాలంటే మైనస్ 194కి చేరాలి. 1895లో జర్మనీలో కార్ల్ లిండే, లండన్‌లో విలియం హాంప్సన్ ఎవరికి వారు దీనికి ఒకే దారి కనిపెట్టారు. వాల్వు దాటి చల్లబడిన గాలిని ఊరికే వదిలేయకుండా, లోపలికి వస్తున్న గాలి గొట్టాన్ని తాకుతూ వెనక్కి తీసుకెళ్ళారు. ఆ చలికి వచ్చే గాలి ముందే చల్లబడుతుంది. అది వాల్వు దగ్గర ఇంకా చల్లబడి, తన తర్వాత వచ్చేదాన్ని ఇంకా చల్లబరుస్తుంది. చలి పోగుపడి పోగుపడి చివరికి వాల్వు కింద ద్రవ గాలి చుక్కలు పడతాయి.

ఈ యంత్రంలోకే గది ఉష్ణోగ్రత దగ్గరున్న హైడ్రోజన్‌ని పంపితే? వాల్వు దాటింది వేడెక్కుతుంది. వెనక్కి వెళుతూ వచ్చేదాన్ని వేడెక్కిస్తుంది. యంత్రం ఎంతసేపు తిరిగినా చల్లబడే దారి లేదు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ డ్యూయర్ అందుకే హైడ్రోజన్‌ని ముందుగా ద్రవ గాలి సాయంతో మైనస్ 205 డిగ్రీలకి తీసుకొచ్చాడు. విలోమ ఉష్ణోగ్రతకి చాలా దిగువన అన్నమాట. 1898 మే 10న అంత చల్లని హైడ్రోజన్‌ని 180 అట్మాస్ఫియర్ల పీడనం నుంచి సన్నని మూతిలోంచి వదిలితే, వెండి పూత పూసిన వాక్యూమ్ పాత్రలో ద్రవ హైడ్రోజన్ పడడం మొదలైంది. అయిదు నిమిషాల్లో 20 ఘనపు సెంటీమీటర్లు. అంతలోనే ధార ఆగిపోయింది. హైడ్రోజన్‌లో మిగిలిన కాస్త గాలి ఆ చలికి గడ్డకట్టి గొట్టాన్ని మూసేసింది. తక్కువ ఉష్ణోగ్రతల్లో పనిచేసేవాళ్ళందరికీ ఇది నేటికీ ఉన్న బెడదే. వాల్వు చల్లబరిచేంత మంచిదైతే, వాయువులోని మలినాలని అది ముందుగా గడ్డకట్టిస్తుంది.

హీలియంకి అదే మెట్టు ఇంకొకటి కిందకి. 1908 జులై 10న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్నెస్, తక్కువ పీడనంలో మరిగిస్తున్న ద్రవ హైడ్రోజన్‌తో హీలియంని ముందే చల్లబరిచి ద్రవంగా మార్చాడు. ద్రవ హైడ్రోజన్ చేయడానికి ద్రవ గాలి కావాలి, ద్రవ హీలియం చేయడానికి ద్రవ హైడ్రోజన్ కావాలి. ఈ వరసని నిర్ణయించినవి ఆ మూడింటి విలోమ ఉష్ణోగ్రతలే.

వంటింటి గ్యాస్ సిలిండర్ మీద చెమ్మ పట్టడాన్ని చాలామంది దీనికి ఉదాహరణగా చెబుతుంటారు. అది పొరపాటు. సిలిండర్లో ఉన్నది ద్రవం. అది ఆవిరవుతూ తన వేడినే వాడుకుంటుంది, అందుకే చల్లబడుతుంది. జౌల్-థామ్సన్ చలిని చూడాలంటే సహజ వాయువు పైపులైన్ల దగ్గరికి వెళ్ళాలి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో దొరికేదైనా ఇంకెక్కడిదైనా, సహజ వాయువులో అత్యధిక భాగం మీథేన్. అది అట్మాస్ఫియరుకి దాదాపు అర డిగ్రీ చల్లబడుతుంది. 60 అట్మాస్ఫియర్ల లైను నుంచి 20కి దించితే 20 డిగ్రీల దాకా పడిపోతుంది. వాయువులో తడి మిగిలి ఉంటే, మంచు గడ్డకట్టే ఉష్ణోగ్రతకి ఇంకా పైనే ఉండగానే నీరూ మీథేనూ కలిసి హైడ్రేట్ అనే గట్టి పదార్థంగా మారి వాల్వుని మూసేస్తాయి. డ్యూయర్ గొట్టంలో గాలి చేసిన పనే ఇక్కడ నీరు చేస్తుంది. అందుకే వాయువుని ముందే ఆరబెడతారు, కొన్నిచోట్ల పీడనం తగ్గించే ముందు హీటర్ గుండా పంపుతారు. రెగ్యులేటరు దాటాక పైపు బయట మంచు కనిపించడం అనుభవమున్న ఆపరేటర్లకి హెచ్చరిక గుర్తు.

హైడ్రోజన్ గురించి ఇంకో అపోహ ఉంది. ఎక్కువ పీడనం నుంచి లీకైన హైడ్రోజన్ జౌల్-థామ్సన్ వేడికి తనంతట తానే అంటుకుంటుందని. అంకెలు దాన్ని ఒప్పుకోవు. 700 అట్మాస్ఫియర్ల నుంచి లీకైనా ఈ ఎఫెక్ట్ వల్ల పెరిగేది కొన్ని పదుల డిగ్రీలే. హైడ్రోజన్ గాలిలో తనంతట అంటుకోవాలంటే 500 డిగ్రీలు దాటాలి. లీకులు అంటుకున్నచోట కారణం వేరే వెతకాలి, ఎక్కడో పుట్టిన నిప్పురవ్వో, స్థిర విద్యుత్తో, ధార తోసుకొచ్చిన షాక్ తరంగమో.

హైడ్రోజన్ కార్లకి 700 అట్మాస్ఫియర్లు ఎక్కించే పంపుల దగ్గర వాయువుని మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరిచి నింపుతారు. ట్యాంకు లోపల నొక్కుకుపోతున్న వాయువు వేడెక్కిపోకుండా ఉండడానికి అది ముఖ్యంగా అవసరం. అయితే మైనస్ 40 అనేది హైడ్రోజన్ విలోమ ఉష్ణోగ్రతకి ఇంకా పైనే. కాబట్టి అంత చలిలో కూడా, పంపు వాల్వు దాటేటప్పుడు హైడ్రోజన్ కాస్త వేడెక్కుతూనే ఉంటుంది.